కుక్క ఒంటిపై గడ్డ: ఏ వాపుకు సూది పరీక్ష చేయించాలి?

సమస్య: మెత్తటి గడ్డ చేతికి తగిలింది

ఒళ్లు దువ్వుతున్నప్పుడు కుక్క చర్మం కింద చిన్న గడ్డ తగులుతుంది. అది మెత్తగా ఉండి, వేళ్ల కింద అటూ ఇటూ కదులుతూ, నొక్కినా కుక్కకు నొప్పి లేకపోతే కొవ్వు గడ్డేనని చాలామంది వదిలేస్తారు. వయసు మళ్లిన కుక్కల్లో కొవ్వు గడ్డలు మామూలే కాబట్టి ఆ ఊహ తరచుగా నిజమవుతుంది కూడా. కానీ మాస్ట్ సెల్ ట్యూమర్ అనే క్యాన్సర్ చర్మం అడుగు పొరలో పుట్టినప్పుడు చేతికి అచ్చం కొవ్వు గడ్డలాగే తగులుతుంది. ఎంత అనుభవం ఉన్న పశువైద్యులైనా కేవలం తడిమి చూసి ఈ రెండింటినీ కచ్చితంగా వేరు చేసి చెప్పలేరు.

సమస్య: గడ్డ ఒకరోజు ఉబ్బి, మర్నాడు తగ్గింది

తగ్గింది కదా అని ఊరుకోవడం ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు. మాస్ట్ సెల్ ట్యూమర్‌లో ఉండే మాస్ట్ కణాల్లో హిస్టమిన్ వంటి రసాయనాలు నిండి ఉంటాయి. గడ్డను నలిపినా, కుక్క గోక్కున్నా అవి బయటికి వచ్చి చుట్టూ ఎర్రబడి వాపు వస్తుంది, కొన్ని గంటల్లో దిగిపోతుంది. అందుకే ఇలా పెరిగి తగ్గే గడ్డను పిసికి చూడకుండా త్వరగా పరీక్షకు తీసుకువెళ్లాలి. పరీక్షకు ముందు స్టెరాయిడ్ మాత్రలు వాడితే గడ్డ తాత్కాలికంగా కుంచించుకుపోయి అసలు జబ్బు మరుగున పడవచ్చు.

ఏ గడ్డకు, ఎప్పుడు?

1 సెంటీమీటరు లేదా అంతకన్నా పెద్దదైన గడ్డకు, లేదా నెల రోజులైనా పోని గడ్డకు సూది పరీక్ష చేయించడం మంచి నియమం. పెరుగుతున్నా, పుండు పడినా, రంగు మారినా నెల ఆగనక్కరలేదు. దవడ కింద, భుజం ముందు, మోకాలి వెనుక ఉండే లింఫ్ గ్రంథులు రెండు వైపులా నొప్పి లేకుండా ఉబ్బితే లింఫోమా అనే క్యాన్సర్‌ను అనుమానించి వెంటనే చూపించాలి. రొమ్ము గడ్డల సంగతి కొంచెం వేరు: అవి ప్రమాదకరమా కాదా అన్నది సూది పరీక్ష చాలాసార్లు తేల్చలేదు కాబట్టి, సాధారణంగా వాటిని తీసి బయాప్సీకి పంపుతారు.

పరీక్ష ఎలా చేస్తారు?

ఇంజెక్షన్‌కు వాడే సన్నని సూదినే, సాధారణంగా 22 గేజ్‌ది, గడ్డలోకి గుచ్చి కొన్ని కణాలు తీసి గాజు పలకపై పరుస్తారు. చాలా కుక్కలకు మత్తు అవసరం ఉండదు. కొవ్వు గడ్డ నమూనా పలకపై నూనెలా మెరుస్తూ ఆరకుండా ఉంటుంది. మాస్ట్ కణాలైతే రంగు వేశాక గుండ్రంగా, లోపల ఊదారంగు రేణువులతో సూక్ష్మదర్శినిలో కనిపిస్తాయి.

సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుందనే భయం చాలామందికి ఉంటుంది. చర్మపు గడ్డల్లో అలా జరగడం చాలా అరుదు, పరీక్ష మానుకోవడానికి అది కారణం కాదు. అయితే నమూనాలో రక్తం మాత్రమే వచ్చినా, కణాలు సరిపోకపోయినా, క్యాన్సర్ లేదని అర్థం చేసుకోకూడదు. కొన్ని గట్టి కణితులు సూదికి కణాలను సులభంగా వదలవు. అప్పుడు మళ్లీ గుచ్చాలి, లేదా చిన్న ముక్క కోసి బయాప్సీ చేయాలి.

ముందే చూపిస్తే ఏమిటి తేడా?

ఎనిమిదేళ్ల లాబ్రడార్‌నే ఊహించుకుందాం. దాని ఛాతీ మీద గడ్డ కొవ్వేనని ఇదివరకే తేలింది. ఇప్పుడు వెనుక కాలి కింది భాగంలో 1 సెంటీమీటరు మెత్తటి గడ్డ వచ్చింది. ఇదీ అలాంటిదేనని ఇంట్లోవారు అనుకున్నా, సూది పరీక్షలో మాస్ట్ కణాలు కనిపించాయి. అప్పుడు దగ్గరలోని లింఫ్ గ్రంథి నుంచి కూడా నమూనా తీసి, హిస్టమిన్ ప్రభావాన్ని అడ్డుకునే మందు ఇచ్చి శస్త్రచికిత్సకు సిద్ధం చేస్తారు.

గడ్డ చుట్టూ ఆరోగ్యకరంగా కనిపించే చర్మాన్ని సుమారు 2 సెంటీమీటర్ల మేర, అడుగున ఒక కణజాలపు పొరతో సహా తీయడం వాడుకలో ఉన్న పద్ధతి. అంటే 1 సెంటీమీటరు గడ్డకు కోత వెడల్పు 5 సెంటీమీటర్లవుతుంది. అదే గడ్డ 4 సెంటీమీటర్లు అయ్యేదాకా ఆగితే 8 సెంటీమీటర్లు కావాలి, కాలి కింది భాగంలో అంత చర్మం మిగలదు. అప్పుడు చర్మం అతికించడమో, రేడియేషనో, కాలు తీసేయడమో ఆలోచించాల్సి వస్తుంది. పరీక్ష లేకుండా కొవ్వు గడ్డ అనుకుని అంచు వరకే తీసినా కణాలు మిగిలిపోయి, రెండోసారి ఇంకా పెద్ద కోత అవసరమవుతుంది. తీసిన భాగాన్ని తప్పకుండా బయాప్సీకి పంపాలి. కణితి ఎంత తీవ్రమైనదో, అంచుల్లో కణాలు మిగిలాయో లేదో తెలిసేది అందులోనే.

ఒక గడ్డ ఫలితం ఇంకో గడ్డకు వర్తించదు. కుక్క ఒంటి బొమ్మ గీసి, ప్రతి గడ్డ ఉన్న చోటు, కొలత, తేదీ, పరీక్ష ఫలితం రాసిపెట్టుకుంటే, కొత్తగా వచ్చినది ఏదో, పెరిగినది ఏదో వైద్యులకు చూపించడం తేలికవుతుంది.