కరెంటు బిల్లు చదవడం ఎలా? యూనిట్లు, శ్లాబులు, ఫిక్స్‌డ్ ఛార్జీలు

బిల్లు చేతికి రాగానే అందరి చూపూ అడుగున ఉన్న మొత్తం మీదకే పోతుంది. లెక్క సరిచూడాలంటే మాత్రం పైనుంచి రావాలి.

1. రీడింగులు, యూనిట్లు

ముందుగా గత రీడింగు, ప్రస్తుత రీడింగు చూడండి. గతసారి 8412, ఈసారి 8652 అయితే వాడింది 240 యూనిట్లు. వెయ్యి వాట్ల పరికరం గంటసేపు నడిస్తే ఒక యూనిట్ ఖర్చవుతుంది. 1500 వాట్ల గీజరు 40 నిమిషాల్లోనే యూనిట్ కాల్చేస్తుంది. పది వాట్ల ఎల్‌ఈడీ బల్బుకు అదే యూనిట్ వంద గంటలు వస్తుంది.

తర్వాత మీటరు దగ్గరికి వెళ్లండి. డిజిటల్ మీటరు తెరపై అంకెలు ఒకదాని తర్వాత ఒకటి మారుతుంటాయి. పక్కన kWh అని కనిపించేదే మీకు కావలసిన రీడింగు. kW అని ఉంటే అది వేరే లెక్క. బిల్లు తీసిన తర్వాత కూడా కరెంటు వాడారు కాబట్టి, మీటరులోని అంకె బిల్లులోని దానికంటే కాస్త ఎక్కువే ఉండాలి. తక్కువగా ఉంటే రీడింగు తప్పుగా ఎక్కిందన్నమాట. ఇంటికి తాళం ఉన్న నెలలో సగటు చూసి బిల్లు వేస్తుంటారు. అలాంటప్పుడూ ఈ తేడా కనిపిస్తుంది.

2. ఎన్ని రోజుల బిల్లు?

చాలామంది వదిలేసేది, నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. రెండు రీడింగుల తేదీల మధ్య ఎన్ని రోజులున్నాయో లెక్కపెట్టండి. మన ఉదాహరణలో 36 రోజులు అనుకుందాం. అంటే రోజుకు సుమారు ఏడు యూనిట్లు కూడా పడలేదు. 30 రోజులకే రీడింగు తీసి ఉంటే 200 యూనిట్లే వచ్చేవి. దీని ప్రభావం శ్లాబుల దగ్గర తెలుస్తుంది.

3. శ్లాబులు

వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర పెరిగేలా చేసిన మెట్లే శ్లాబులు. లెక్క కోసం మొదటి 100 యూనిట్లకు మూడేసి రూపాయలు, తర్వాతి 100కి ఐదేసి, 200 దాటినవాటికి ఎనిమిదేసి అనుకుందాం. మీ బిల్లులోని రేట్లు వేరేగా ఉంటాయి, పద్ధతి మాత్రం సాధారణంగా ఇదే. 240 యూనిట్లకు 300, 500, 320 కలిపి 1120 రూపాయలు. పై మెట్టు ఎక్కితే మొత్తం యూనిట్లకూ ఎనిమిది రూపాయలు పడుతుందని భయపడనక్కరలేదు. ఆ ధర చివరి 40కే.

ఇప్పుడు రోజుల సంగతి. రీడింగు 36 రోజులకు తీసి, తర్వాతి నెల 24 రోజులకే తీశారనుకోండి. వాడకం అదే అయితే రెండో బిల్లులో 160 యూనిట్లు, 600 రూపాయలు. రెండూ కలిపి 1720. సరిగ్గా 30 రోజులకొకసారి తీసి ఉంటే రెండు నెలలకూ కలిపి 1600 అయ్యేది. ఒక్క యూనిట్ కూడా ఎక్కువ వాడకుండానే 120 రూపాయలు పోయాయి. రోజులు పెరిగితే శ్లాబు హద్దులను కూడా ఆ మేరకు పెంచి లెక్కవేసే పద్ధతి ఉంది. అలా చేస్తే 36 రోజులకు ఒక్కో మెట్టు 120 యూనిట్లవుతుంది, బిల్లు 960కి తగ్గుతుంది. మీ బిల్లులో శ్లాబు హద్దులు ఎక్కడ విరిగాయో చూస్తే ఆ సర్దుబాటు జరిగిందో లేదో తెలిసిపోతుంది.

ఇంకో రకం కూడా ఉంది. కొన్నిచోట్ల హద్దు దాటగానే కింది యూనిట్ల ధర కూడా మారిపోతుంది. 200 దాటినవారికి మొదటి 200 యూనిట్లకూ ఐదేసి రూపాయలు అనుకుంటే, 200 యూనిట్లకు 800 అయ్యే బిల్లు 201కి 1008 అవుతుంది. ఆ ఒక్క యూనిట్ ఖరీదు 208 రూపాయలు! బిల్లులో మొదటి శ్లాబు రేటు ఒక నెలకూ ఇంకో నెలకూ మారుతుంటే మీది ఈ పద్ధతే కావచ్చు. ఇలాంటిచోట నెలాఖరున మీటరు చూసుకోవడం పిసినారితనం కాదు.

4. ఫిక్స్‌డ్ ఛార్జీ

ఇది వాడకాన్ని బట్టి కాకుండా, సాధారణంగా మీ కనెక్షన్‌కు మంజూరైన లోడును బట్టి పడుతుంది. కిలోవాటుకు 20 రూపాయలు, లోడు మూడు కిలోవాట్లు అయితే నెలకు 60. ఇల్లు తాళం వేసి ఊరెళ్లినా ఇది తప్పదు. ఒకేసారి ఏసీ, గీజరు, ఇస్త్రీపెట్టె నడిపితే మీటరు ఆ గరిష్ఠ వాడకాన్ని కిలోవాట్లలో నమోదు చేస్తుంది. అది మంజూరైన లోడును దాటుతూ ఉంటే లోడు పెంచుకోమని నోటీసు రావచ్చు, దాంతో ఈ ఛార్జీ కూడా పెరుగుతుంది.

5. మిగిలిన వరుసలు

శ్లాబుల మొత్తానికి ఫిక్స్‌డ్ ఛార్జీ, పన్నులు కలపండి. అయినా కింది అంకెతో పొంతన కుదరకపోతే, పాత బకాయి లేదా సర్దుబాటు అని ఉన్న వరుస చూడండి. పోయిన నెల గడువు దాటాక కట్టిన డబ్బు ఈ బిల్లు తయారయ్యేలోగా జమ కాకపోతే, అదే మొత్తం ఇక్కడ బకాయిగా కనిపిస్తుంది. రసీదు ఉంటే మళ్లీ కట్టే ముందు దాన్ని చూపించి సరిచేయించుకోండి.