తుపాను శిక్షణ ఆన్‌లైన్‌లో పెడుతున్నారా? వినపడని వాళ్ల కోసం ముందే చూసుకోవాల్సినవి

అక్టోబరు దగ్గర పడుతోందంటే మన శ్రీకాకుళం, విజయనగరం తీరంలో తుపాను బెంగ మొదలవుతుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన తిత్లీని ఉద్దానం వాళ్లు ఇంకా మర్చిపోలేదు. అందుకే సెప్టెంబరులోనే సంఘాల ఆడవాళ్లకీ పడవల వాళ్లకీ జూమ్‌లో రెండు గంటల శిక్షణ పెడుతుంటాం.

నిరుడు ఒక బ్యాచ్‌లో 34 మంది ఉంటే అందులో ఇద్దరికి వినపడదు. గార మండలం అబ్బాయి ఒకడు, భోగాపురం వైపు నుంచి ఒకావిడ. సైగల భాష ఇంటర్‌ప్రెటర్‌ని పిలిచాం కదా, పనైపోయిందనుకున్నాం. ట్రైనర్ స్లయిడ్లు షేర్ చేయగానే ఆ అబ్బాయి ఫోన్లో ఇంటర్‌ప్రెటర్ బొమ్మ తపాలా బిళ్లంత అయిపోయింది. ఎవరో మైకు ఆపకుండా దగ్గారు, ఆ బిళ్ల కూడా పోయి దగ్గినాయన మొహం వచ్చింది. చివర్లో ‘అర్థమైందా’ అని అడిగితే అబ్బాయి తలూపాడు. మొదటి పావుగంట తప్ప అతనికి ఏమీ అందలేదని వారం తర్వాత ఎదురుపడి మాట్లాడితే గానీ తెలియలేదు. తప్పు పూర్తిగా మాదే. ఈసారి పద్ధతి మార్చాం.

ముందు, ఎవరికి ఏం కావాలో వాళ్లనే అడగాలి. పేర్లు నమోదు చేసుకునేటప్పుడే, కనీసం రెండు వారాల ముందు, ‘సైగలు కావాలా, తెరమీద అక్షరాలు కావాలా, రెండూనా’ అని ఒక ప్రశ్న పెట్టండి. పెద్దయ్యాక వినికిడి పోయిన వాళ్లలో చాలామందికి సైగలు రావు, అక్షరాలే కావాలి. పుట్టుకతో వినపడని వాళ్లలో కొందరికి తెలుగు చదవడం కష్టం, ఎందుకంటే భారతీయ సంజ్ఞా భాష వ్యాకరణం వేరు, తెలుగు వాక్యం వేరు. ఇక బడి ముఖమే చూడని వాళ్లలో కొందరికి ఇంట్లో అలవాటైన సైగలు తప్ప ఏవీ తెలియవు. భోగాపురం ఆవిడ అలాంటిదే. అందుకే మూడు రోజుల ముందు ఇంటర్‌ప్రెటర్‌తో ఆమెకు పది నిమిషాలు వాట్సాప్ వీడియో కాల్ కలిపాం. ఒకరి సైగలు ఒకరికి సగమే అందాయి. దాంతో ఆమె చెల్లెల్ని పక్కన కూర్చోబెట్టి, ఇంటర్‌ప్రెటర్ సైగలు ఆమెకు అందని చోట చెల్లెలు చెప్పేలా ఏర్పాటు చేశాం. ఈ కాల్ లేకపోతే ఆ సంగతి శిక్షణ మధ్యలో బయటపడేది.

రెండు గంటల కార్యక్రమానికి ఒక ఇంటర్‌ప్రెటర్ చాలరు. 15, 20 నిమిషాలకు చేతులూ బుర్రా అలసిపోతాయి, సైగలు తగ్గిపోతాయి, చూసేవాళ్లకు అది తెలియదు కూడా. ఇద్దరిని పెట్టి మార్చుకోమనాలి. వాళ్లకు స్లయిడ్లు, ఊళ్ల పేర్లు, ప్రత్యేక పదాలు మూడు రోజుల ముందే పంపాలి. వజ్రపుకొత్తూరు, సంతబొమ్మాళి లాంటి పేర్లు వేళ్లతో అక్షరం అక్షరం చూపాలి కాబట్టి ఇంగ్లిషు స్పెల్లింగ్ కూడా రాసివ్వండి. మన మాట కూడా రాసివ్వాలి. నిరుటి ఇంటర్‌ప్రెటర్ విజయవాడ ఆవిడ. ‘గుంటల్ని ఒంటరిగా వదలొద్దు’ అని ట్రైనర్ పిల్లల గురించి అంటే, ఆవిడ పాపం నీళ్ల గుంటలనుకుని గోతిని చూపించింది. మా ట్రైనర్ మాటకు ఈసారి నేనే ఒక చిన్న పదకోశం రాశాను.

ఇప్పుడు అసలు చిక్కు, ఇంటర్‌ప్రెటర్ తెరమీంచి పోకుండా ఉండటం. జూమ్ వెబ్‌సైట్‌లో ఖాతా సెట్టింగ్స్‌లో Sign language interpretation view అనేది ఉంటే, మీటింగ్ పెట్టకముందే దాన్ని ఆన్ చేసి, ఇంటర్‌ప్రెటర్ల ఈమెయిళ్లు ముందే చేర్చాలి. అప్పుడు ఇంటర్‌ప్రెటర్లు వేరే కిటికీలో కనిపిస్తారు. అది కనపడకపోతే హోస్ట్ ఇంటర్‌ప్రెటర్ బొమ్మ మీద Spotlight for Everyone నొక్కాలి. Pin అనేది నొక్కినవాళ్ల తెరమీదే పనిచేస్తుంది, కనుక హోస్ట్ తన దగ్గర పిన్ చేసుకుని ‘అందరికీ కనిపిస్తోంది’ అనుకుంటే మోసపోతాడు. మేం ఆ పొరపాటు కూడా చేశాం. ఉచిత ఖాతాలో మీటింగ్ 40 నిమిషాలకు తెగిపోతుందనీ గుర్తుంచుకోండి, రెండోసారి చేరాక ఇదంతా మళ్లీ సర్దుకోవాలి.

చిన్న ఫోన్లో స్లయిడూ ఇంటర్‌ప్రెటరూ కలిసి పట్టరు. ఇందులో మాకు బాగా పనికొచ్చిన ఉపాయం, స్లయిడ్లను ముందే వాట్సాప్‌లో పంపేసి, ఆ అబ్బాయికి ఇంట్లో వాళ్ల ఫోన్ ఒకటి అదనంగా ఇప్పించడం. ఒకదాంట్లో బొమ్మలు, ఇంకోదాంట్లో ఇంటర్‌ప్రెటర్. జూమ్ ఆగిపోతే అదే ఫోన్లో వాట్సాప్ వీడియోకి మారిపోవచ్చు. అందుకని ఇంటర్‌ప్రెటర్ నంబరు ముందే అతని దగ్గర ఉండాలి. నెట్ నెమ్మదిగా ఉంటే మిగతావాళ్లు కెమెరాలు ఆపేయాలి. మాట ఒకటి రెండు సార్లు తెగినా వినేవాళ్లు పూరించుకుంటారు గానీ, బొమ్మ ఆగి ఆగి వస్తే సైగ పూర్తిగా పోతుంది. ఇంటర్‌ప్రెటర్ వెలుగు ఎదుట ఉండేలా కూర్చోవాలి, తల నుంచి నడుము దాకా, మోచేతులతో సహా కనిపించాలి, చొక్కా గళ్లది కాకుండా చర్మం రంగుకు తేడాగా ఉన్న ఏకరంగు అయితే మంచిది.

అక్షరాల సంగతి. ఆటోమేటిక్ క్యాప్షన్లు పెడితే భాష తెలుగుకి మార్చారో లేదో చూడండి. జాబితాలో తెలుగు లేకపోయినా, మార్చడం మరిచిపోయినా, తెలుగు మాటలన్నీ అర్థం లేని ఇంగ్లిషు ముక్కలుగా వస్తాయి. ఉన్నా కూడా మీ ట్రైనర్ గొంతుతోనే, ఆయన మాట్లాడే యాసలోనే ఐదు నిమిషాలు పరీక్షించండి. ఎక్కువ దెబ్బ తగిలేది అంకెలకీ పేర్లకీ. ప్రమాద హెచ్చరిక నంబరు మూడుకి బదులు ఇంకోటి పడితే కొంప మునుగుతుంది. కాబట్టి టైపింగ్ వచ్చిన ఒక మనిషిని పెట్టాం. జూమ్‌లో హోస్ట్ ఆ పని ఒకరికి అప్పగించవచ్చు. మాట్లాడేంత వేగంగా తెలుగు ఎవరూ కొట్టలేరు, అందుకని తేదీ, టైము, హెచ్చరిక నంబరు, షెల్టరు పేరు, 112 లాంటి ఫోన్ నంబర్లు మాత్రమే కొట్టమన్నాం. మిగతాది సైగల్లో వెళ్తుంది.

ట్రైనర్‌కి రెండే రెండు చెప్పాం. ‘ఈ బొమ్మ చూడండి’ అన్నాక పది సెకన్లు నోరు మూసుకోవాలి, ఎందుకంటే కళ్లు ఒకేసారి రెండు చోట్ల ఉండలేవు. ‘అర్థమైందా’ అని అడగకూడదు, ‘సామాను ఏమేం సర్దుతావో చెప్పు’ అనాలి.

ఆఖర్లో ప్రశ్నలకు టైమిచ్చాం. గార అబ్బాయి చెయ్యెత్తాడు. ఇంటర్‌ప్రెటర్ గొంతులో వినిపించింది: “రాత్రి సైరన్ మోగితే నన్నెవరు లేపుతారు?” మా స్లయిడ్లలో దానికి జవాబు లేదు. ఫోన్ వైబ్రేషన్‌లో పెట్టి దిండు కింద ఉంచుకోమన్నాం, తలుపు గొళ్లెం ఎక్కడ తీయాలో తెలిసిన పక్కింటి పిన్నిగారి పేరు రిజిస్టర్‌లో అతని పేరు పక్కనే రాసుకున్నాం.