బోర్డ్ గేమ్ సమీక్ష – పాఠం 3: పెట్టె మీద ‘2–4’ అని ఉంటే

కిందటి పాఠంలో ఆట నియమాలను విసుగు పుట్టించకుండా ఎలా చెప్పాలో చూశాం. ఈసారి రెండు ప్రశ్నలు. ఈ ఆట ఎంతమందితో బాగుంటుంది? మళ్ళీ మళ్ళీ ఆడబుద్ధి వేస్తుందా? చాలా సమీక్షలు వీటిని చెరో వాక్యంతో తేల్చేస్తాయి. మొదటిదానికి పెట్టె మీది అంకెనే దించేస్తాయి, రెండోదానికి ‘రీప్లే విలువ ఎక్కువ’ అని రాసి ఊరుకుంటాయి. పెట్టె మీది అంకె చెప్పేది ఒక్కటే: అంతమందితో నియమాలు పనిచేస్తాయని. అంతమందితో ఆట రక్తి కడుతుందో లేదో ఆడి చూసినవాళ్ళే చెప్పాలి.

ఉదాహరణకు ‘అజూల్’ తీసుకుందాం. మైఖేల్ కీస్లింగ్ రూపొందించిన ఈ ఆట 2017లో వచ్చింది. ఇద్దరి నుంచి నలుగురి దాకా ఆడవచ్చు. అయిదు రంగుల్లో, రంగుకి 20 చొప్పున 100 బిళ్ళలు ఒక సంచిలో ఉంటాయి. ప్రతి రౌండు మొదట్లో బల్ల మీద గుండ్రటి పళ్ళేలు పరిచి, ఒక్కోదాని మీద నాలుగేసి బిళ్ళలు సంచిలోంచి చూడకుండా తీసి పెడతారు. మీ వంతు వచ్చినప్పుడు ఒక పళ్ళెం మీంచి ఒకే రంగు బిళ్ళలన్నీ తీసుకుంటారు, మిగిలినవి మధ్యలోకి తోస్తారు. మధ్యలో పోగైనవాటిలోంచి కూడా ఇలాగే ఒక రంగు మొత్తం తీసుకోవచ్చు. వంతు వదులుకోవడం కుదరదు. తీసుకున్నవాటికి మీ బోర్డు మీద చోటు లేకపోతే అవి కింది వరసలో పడి పాయింట్లు కోస్తాయి.

ఇప్పుడు నియమాల పుస్తకంలో ఆటగాళ్ళ సంఖ్యను బట్టి ఏం మారుతుందో వెతకండి. ఏ ఆటకైనా ముందు చేయాల్సిన పని ఇదే. అజూల్‌లో మారేది పళ్ళేల సంఖ్య: ఇద్దరికి 5, ముగ్గురికి 7, నలుగురికి 9. అంటే రౌండుకి 20, 28, 36 బిళ్ళలు. తలకి లెక్కేస్తే పది, తొమ్మిది చిల్లర, తొమ్మిది. పంపకం దాదాపు సమానమే. ఇక్కడితో ఆగిపోయే సమీక్షకుడు ‘ఎంతమందితోనైనా ఒకేలా ఉంటుంది’ అని రాసేస్తాడు. అది పొరపాటు. ఎందుకో ఒక సందర్భంతో చూద్దాం.

ఇద్దరు ఆడుతున్నారు, రౌండు చివరికొచ్చింది. పళ్ళేలన్నీ ఖాళీ. మధ్యలో అయిదు ఎర్రవి, ఒక నీలం మిగిలాయి. ఎరుపుకి ఇద్దరి దగ్గరా చోటు లేదు. వంతు మీది. మీరు నీలం తీసుకుంటే అయిదు ఎర్రవీ ఎదుటివారి నెత్తినే పడతాయి. వాళ్ళ కింది వరస ఖాళీగా ఉంటే ఒకటి, ఒకటి, రెండు, రెండు, రెండు చొప్పున ఎనిమిది పాయింట్లు పోతాయి. అదే మధ్యలో ఒక పసుపు కూడా ఉండి ఉంటే? మీరు నీలం, వాళ్ళు పసుపు, ఎరుపు మీకే. ఎరుపు కాక మిగిలిన రంగులు సరిసంఖ్యలో ఉన్నాయా బేసిసంఖ్యలో ఉన్నాయా అన్నదాని మీదే అంతా ఆధారపడింది. ఇద్దరే ఉన్నప్పుడు దీన్ని రెండు మూడు వంతుల ముందే లెక్కగట్టి ఆ స్థితికి నెట్టుకురావచ్చు. పైగా ఎదుటివారు పోగొట్టుకున్న ఎనిమిదీ మీ ఆధిక్యంలో పూర్తిగా కలుస్తాయి.

నలుగురితో ఇదే స్థితి వస్తే దెబ్బ మీ పక్కవారికి తగులుతుంది, మిగతా ఇద్దరూ ఏ శ్రమా లేకుండా లాభపడతారు. అసలు మీ రెండు వంతుల మధ్య ముగ్గురు బిళ్ళలు తీస్తుంటే ఆ లెక్క నిలబడదు. అందుకని ఆడేవాళ్ళు అడ్డుకోవడం తగ్గించి, వచ్చింది తీసుకుని సొంత బోర్డు నింపుకుంటారు. ఆట తేలికపడుతుంది. అది లోపమని నేననను. చాలామందికి ఆ తేలికదనమే కావాలి. కానీ పాఠకుడికి ఈ తేడా చెప్పకపోతే సమీక్ష సగమే రాసినట్టు.

ఇంకొక సంగతి ఉంది, దీన్ని గమనించేవాళ్ళు తక్కువ. ఇద్దరి ఆటలో రౌండుకి 20 చొప్పున అయిదు రౌండ్లకి 100 బిళ్ళలూ సరిగ్గా అయిపోతాయి. కాబట్టి నాలుగు రౌండ్లలో ఏ రంగులు వచ్చాయో గుర్తుంచుకున్నవారికి అయిదో రౌండులో ఏ రంగులు ఎన్ని రాబోతున్నాయో తెలిసిపోతుంది. నలుగురితో అయితే మూడో రౌండుకే సంచి ఖాళీ అవుతుంది, పక్కన పడేసిన బిళ్ళల్ని మళ్ళీ సంచిలో పోసుకోవాలి.

ఇక రీప్లే విలువ. చాలామంది దీన్ని పెట్టెలోని వైవిధ్యంతో కొలుస్తారు: ఎన్ని కార్డులు, ఎన్ని పాత్రలు, ఎన్ని రకాల మ్యాపులు అని. ఆ కొలతతో చూస్తే అజూల్ నిరుపేద. పాత్రల్లేవు, కార్డుల్లేవు, బోర్డు వెనక వైపు వేరే తరహా ఆట ఒకటి ఉందంతే. ఆటకీ ఆటకీ మారేది బిళ్ళలు వచ్చే వరస మాత్రమే. ‘కటాన్’లో పంతొమ్మిది భూభాగాల పలకల్ని ప్రతిసారీ కలిపి కొత్త దీవి పేర్చుకోవచ్చు. అయినా పెట్టెలో ఏం మారుతుందన్నది కాదు, మీరు వేసుకునే ప్రశ్న మారుతుందా అన్నదే చూడాలి. అజూల్‌లో మొదటి ఆటలో ‘నా వరస ఎలా నింపుకోవాలి’ అనుకుంటారు. కొన్ని ఆటలయ్యాక ‘వాళ్ళకి ఏ రంగుకి చోటు లేదు’ అని చూడటం మొదలవుతుంది. ఇంకా తర్వాత ‘ఈ రౌండులో చివరి పోగు ఎవరి పాలవుతుంది’ అని. బిళ్ళలు అవే, ప్రశ్నే లోతుకు పోయింది. ఆ లోతు ఎక్కువగా ఇద్దరి ఆటలోనే ఉంది. కాబట్టి ఈ ఆటకి రీప్లే విలువ ఎంత అంటే, ఎంతమందితో ఆడతారని ఎదురు ప్రశ్న వేయాల్సిందే.

దీన్ని పట్టుకోవడానికి చిన్న పద్ధతి. ఆట ముగిసిన వెంటనే, పెట్టె సర్దకముందే, రెండు వాక్యాలు రాసుకోండి: గెలుపోటములు ఎక్కడ తేలాయి, ఈసారి ముందెన్నడూ ఆలోచించనిది ఏం ఆలోచించాను. మొదటి ఆటను లెక్కలోకి తీసుకోకండి, అది నియమాలు నేర్చుకోవడానికే పోతుంది. తర్వాత మూడు ఆటలకీ రెండో వాక్యం ఖాళీగా ఉంటే, పెట్టెలో రెండొందల కార్డులున్నా ఆ ఆటలో సరుకు అయిపోయినట్టే. ఖాళీ లేకుండా నిండుతుంటే మీరింకా అడుగు చూడలేదు. అప్పుడు ‘ఇన్ని ఆటలకి ఇంకా కొత్తగానే ఉంది’ అని రాయాలి, ‘ఎప్పటికీ విసుగు రాదు’ అని కాదు. ఎప్పటి సంగతో మీకు తెలియదు కదా.

ఇదంతా సమీక్షలోకి ఎలా వస్తుందంటే:

“ఇద్దరితో, నలుగురితో ఆడాను, ముగ్గురితో ఆడలేదు. ఇద్దరితో ఇది పదునైన పోటీ, ఎదుటివారి బోర్డు చూడకుండా గెలవడం కష్టం. నలుగురితో హాయిగా సాగుతుంది కానీ ముందుచూపుకి విలువ తగ్గుతుంది. అడ్డు పడితే చిన్నబుచ్చుకునే వారితో ఇద్దరే కూర్చుని ఆడకండి. తరచూ ఇద్దరే ఆడుకునే ఇంట్లో ఇది చాలాకాలం బల్ల మీద ఉంటుంది.”

‘ముగ్గురితో ఆడలేదు’ అన్న మాట గమనించారా? దాన్ని దాచి, మధ్యస్థంగా ఉంటుందిలే అని ఊహించి రాయాలనిపిస్తుంది. రాయకండి.

అభ్యాసం: మీ దగ్గరున్న ఒక ఆటను రెండు వేర్వేరు సంఖ్యలతో, ఒక్కోదానికి కనీసం రెండుసార్లు ఆడండి. వీలైతే అదే మనుషుల్ని ఉంచండి. మనుషులు మారితే తేడా సంఖ్య వల్ల వచ్చిందో వాళ్ళ వల్ల వచ్చిందో చెప్పలేరు. మీ వంతుకీ వంతుకీ మధ్య బల్ల మీద ఎంత మారిపోతోందో గమనించి, పై నమూనాలా అయిదు వాక్యాలు రాయండి. వచ్చే పాఠంలో అందరూ ఒకే పక్షాన ఉండే సహకార ఆటలు తీసుకుందాం. అక్కడ ఒక్కరే అందరి తరఫునా ఆడేసే బెడద ఉంటుంది. అది ఆట లోపమో, కూర్చున్నవారి లోపమో విడదీయడం నేర్చుకుందాం.