స్లాబ్ మధ్యలో మాలు ఎందుకు అయిపోయింది: ఎక్కడ ఆగిందో చూస్తే తెలుస్తుంది

"సార్, సిమెంటు ఒడిసింది. ఇంకా ఒక రూమంత మిగిలింది." దేవరకొండ వైపు ఒక ఊరి నుంచి మేస్త్రీ ఫోన్. నేను అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: ఎన్ని అడుగుల దగ్గర ఆగింది? లెక్కలో తప్పు ఎక్కడ జరిగిందో చాలావరకు ఆ జవాబులోనే ఉంటుంది.

ఆ స్లాబ్ 30 అడుగుల పొడవు, 24 అడుగుల వెడల్పు, 5 అంగుళాల మందం. కింద దూలాలు లేవు, నడుమ ఒక గోడతో 15 అడుగుల చొప్పున రెండు గదులు.

సమస్య: మూడింట రెండు వంతుల దగ్గర అన్నీ ఒకేసారి అయిపోయాయి

ఒక అంచు నుంచి పోసుకుంటూ వచ్చి 20 అడుగుల దగ్గర ఆగారు. ఇసుక లేదు, కంకర లేదు, 45 బస్తాలూ ఖాళీ. మూడూ కలిసి అయిపోయాయంటే పాళ్లు సరిగ్గానే కలిపారు, మొత్తమే తక్కువ తెప్పించారు. ఇంటాయన లెక్క కాగితం చూస్తే 300 ఘనపుటడుగులు అని ఉంది. ఆ అంకె తప్పు కాదు. కానీ అది పోసి, కుదించిన కాంక్రీటు కొలత. ఆయన దాన్నే నేరుగా 1:1.5:3 పాళ్లలో పంచేశాడు.

తట్టెడు కంకర మీద ఇసుక పోసి ఊపి చూడండి. ఇసుక సందుల్లోకి జారిపోతుంది, కుప్ప అంతగా పెరగదు. ఇసుక సందుల్లోకి సిమెంటు, నీళ్లు పోతాయి. అందుకే విడిగా కొలిచే పొడి మాలు, తయారయ్యే కాంక్రీటుకు సుమారు 1.54 రెట్లు ఉండాలి. ఆ గుణకారం మరిచిపోతే పని సుమారు 65 శాతం దగ్గర ఆగుతుంది.

```
30 × 24 × 5/12 = 300
300 × 1.54 = 462
462 ÷ 5.5 = 84
```

5.5 అంటే 1, 1.5, 3 కలిపిన మొత్తం. సిమెంటు 84 ఘనపుటడుగులు. 50 కిలోల బస్తా సుమారు 1.226 ఘనపుటడుగులు కాబట్టి 69 బస్తాలు. ఇసుక 126, కంకర 252 ఘనపుటడుగులు. ఇది ఎం20 మామూలు పాళ్లకు. ఇంజనీరు వేరే మిక్స్ డిజైన్ ఇస్తే ఈ పాళ్లు పక్కన పెట్టి అదే పాటించాలి.

ఆగిన చోట ఏం చేయాలి? మాలును ఏటవాలుగా వదిలేయకూడదు. అడ్డంగా నిలువు చెక్క పెట్టి, చువ్వలు దాని గుండా సాగనిచ్చి, అంచు నిటారుగా తేల్చాలి. ఇక్కడ అదృష్టం, 20 అడుగులంటే నడి గోడ దాటి 5 అడుగులు, అంటే రెండో గది నిడివిలో మూడో వంతు. గోడ అంచు మీద ఆగడం కన్నా అది నయం. మర్నాడు చెక్క తీసి, వైరు బ్రష్‌తో ఆ ముఖం గరుకు చేసి, కడిగి, సిమెంటు పాలు పూసి మిగతాది పోశారు.

సమస్య: లెక్క సరిగ్గానే ఉంది, అయినా చివర రెండు మూడు అడుగులు మిగిలింది

ఇది మందం పని. ఇదే స్లాబ్ 5కు బదులు సగటున అయిదున్నర అంగుళాలు పడితే 69 బస్తాలతో 27 అడుగుల దాకానే వస్తుంది. అర అంగుళం అంటే చిన్నగానే అనిపిస్తుంది గానీ, ఇంత వైశాల్యం మీద అది ఏడు బస్తాలు. సెంట్రింగ్ రేకులు కుంగడం, పైన దారం లెవెల్ ఎత్తుగా కట్టడం కారణాలు. పోసే ముందే దారం కట్టి రేకు దాకా తొమ్మిది చోట్ల టేపు పెట్టండి. సగటు ఎంత వస్తే ఆ మందంతోనే మళ్లీ లెక్క వేయండి. పోస్తున్నప్పుడు 5 అంగుళాల గుర్తు గీసిన చువ్వ దించి చూస్తూ ఉండాలి.

సమస్య: పదమూడు బస్తాలు మిగిలాయి, ఇసుకా కంకరా కూడా మిగిలాయి

5 అంగుళాలను 0.5 అడుగు అని కొట్టారు. అది ఆరంగుళాలు. 5ను 12తో భాగిస్తే 0.417.

సమస్య: సిమెంటు మిగిలింది, ఇసుక కంకర మాత్రం అయిపోయాయి

మేస్త్రీ సంతోషిస్తాడు, నేను సంతోషించను. బస్తాకు పడాల్సిన దానికన్నా ఎక్కువ తట్టలు మిల్లర్‌లో పడ్డాయి, స్లాబ్ బలం తగ్గింది. ఒకరి తట్ట నిండుగా, ఇంకొకరిది గుట్టగా ఉంటే జరిగేది ఇదే. లోపలి కొలత 40 × 35 × 25 సెంటీమీటర్లు ఉండే చెక్క పెట్టె చేయించండి. అది 35 లీటర్లు, అంటే దాదాపు బస్తా సిమెంటంత. బస్తాకు ఒకటిన్నర పెట్టెల ఇసుక, మూడు పెట్టెల కంకర, పైన చెక్కతో గీసి చదును చేసి. తడి ఇసుక మాత్రం ఉబ్బి ఉంటుంది, నాలుగో వంతు దాకా కూడా. తడిదైతే పెట్టెకు ఆ మేరకు కాస్త ఎక్కువ వేయాలి. ట్రాక్టర్ వచ్చినప్పుడు కూడా ఇదే చూసుకోండి. ట్రిప్పు "వంద ఫీట్లు" అని నోటిమాటగా ఒప్పుకోకుండా, దింపకముందే ట్రాలీ లోపల టేపు పెట్టండి.