మూడవ పాఠం: శనివారం మందు, సోమవారం దిగులు – నాలుగు రోజుల పట్టీ రాయడం, చదవడం

గత పాఠంలో సీసా మీద ముద్రించిన అంకెలను బట్టి తాగిన మద్యాన్ని గ్రాముల్లోకి మార్చడం నేర్చుకున్నాం. 42.8 శాతం ఉన్న 180 మిల్లీలీటర్ల క్వార్టరులో సుమారు 77 మిల్లీలీటర్ల ఆల్కహాలు ఉంటుంది, దాన్ని 0.79తో హెచ్చవేస్తే 61 గ్రాములు వస్తుంది. 8 శాతం ఉన్న 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరుకు ఇదే లెక్క వేస్తే 41 గ్రాములు. బీరు తప్ప మరేదీ ముట్టనని నిశ్చింతగా ఉండేవారు ఈ రెండో అంకె దగ్గర కాసేపు ఆగాలి. అలాంటి బీర్లు రెండు తాగితే క్వార్టరును మించిపోతుంది. ఆ గ్రాములు తరువాతి మూడు నాలుగు రోజుల మనఃస్థితిని ఎలా మారుస్తాయో సొంత పట్టీలో చూసుకోవడం ఈ పాఠంలోని పని.

ఒక హెచ్చరిక ముందే చెప్పాలి. రోజూ తాగేవారు, ఉదయాన్నే చేతులు వణికి ఒక గుక్క పడితే గాని కుదుటపడనివారు ఈ పాఠంలో వచ్చే, ఏమీ తాగని ఖాళీ వారాన్ని సొంతంగా ప్రయత్నించకూడదు. అలవాటుపడిన శరీరానికి మద్యం ఒక్కసారిగా ఆగిపోతే 6 నుంచి 24 గంటల్లోపు వణుకు, చెమటలు, గుండె దడ మొదలవుతాయి. కొందరికి మొదటి రెండు రోజుల్లోనే మూర్ఛలు వస్తాయి. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మతి తప్పి, లేనివి కనిపించే ప్రమాదకర స్థితి రావచ్చు. అది ప్రాణాపాయం. అలాంటివారు వైద్యుని పర్యవేక్షణలోనే మానాలి. గుంటూరు, విజయవాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలు ఉన్నాయి. మద్యం మానే విషయంలో 14446 నంబరుకు ఫోన్ చేసి సలహా అడగవచ్చు. వారానికి ఒకటి రెండుసార్లు తాగేవారిని దృష్టిలో పెట్టుకుని రాసిన పాఠం ఇది.

పట్టీకి మామూలు నోటుపుస్తకం చాలు. ఉదయం లేచిన అరగంటలోపు, కాఫీ తాగకముందు, ఫోన్ చూడకముందు రెండు అంకెలు వేయండి: గాబరా ఎంత, దిగులు ఎంత, సున్నా నుంచి పది వరకు. సాయంత్రం మళ్ళీ అవే రెండు అంకెలు. వాటి పక్కన రాత్రి ఎన్ని గంటలకు మెలకువ వచ్చిందో, ఎన్ని గ్రాములు తాగారో, ఆ రోజు ప్రత్యేకంగా ఏదైనా జరిగిందేమో ఒక ముక్కలో రాయండి. కాఫీకి ముందే రాయమనడానికి కారణం, కాఫీ కూడా దడ పుట్టిస్తుంది. రెండూ కలిసిపోతే దేని వల్ల వచ్చిందో విడదీయలేము. గాబరాను, దిగులును వేరువేరుగా రాయమనడానికి కారణం, అవి ఒకే వేగంతో పెరగవు, తగ్గవు.

అంకెలకు మీ జీవితంలోంచే కొలతలు పెట్టుకోవాలి. గుంటూరు మిర్చి యార్డులోని ఒక కమిషన్ షాపు గుమాస్తాకు గాబరా 3 అంటే ఉదయం యార్డుకు బయలుదేరేటప్పుడు ఉండే మామూలు హడావుడి; 7 అంటే రైతు ఫోన్ మోగుతున్నా ఎత్తడానికి చేయి రాకపోవడం. ఇలాంటి మాటలను పుస్తకం మొదటి పేజీలోనే రాసి పెట్టుకోకపోతే ఈ వారం వేసిన 5, వచ్చే వారం వేసిన 5 ఒకటి కావు. మరొక మాట: బుధవారం కూర్చుని గడచిన నాలుగు రోజులవి ఒకేసారి నింపవద్దు. దిగులుగా ఉన్న మనసుకు గడచిన రోజులన్నీ దిగులుగానే గుర్తుకొస్తాయి.

ఆ గుమాస్తా పట్టీనే తీసుకుందాం. అది పాఠం కోసం కూర్చినదే అయినా అందులోని నడక చాలామంది పట్టీల్లో కనబడే నడకే. శని, ఆదివారాలు యార్డుకు సెలవు కాబట్టి అతను తాగేది శనివారం రాత్రి. ఆ సాయంత్రం గాబరా 3, దిగులు 2. ఎనిమిదిన్నర నుంచి పదిన్నర లోపు ఒక క్వార్టరు, అంటే 61 గ్రాములు. పదకొండింటికి పడుకున్నాడు, వెంటనే నిద్ర పట్టింది, మూడు గంటల నలభై నిమిషాలకు గుండె దడతో మెలకువ వచ్చింది. ఫోన్ తీసి రాత్రి ఎవరెవరికి కాల్ చేశాడో చూసుకున్నాడు. మళ్ళీ సరిగా నిద్ర పట్టలేదు. ఆదివారం ఉదయం గాబరా 6, దిగులు 3. సాయంత్రానికి గాబరా 7. అప్పుడు ఒక నైంటీ వేశాడు, 30 గ్రాములు. గంటలో గాబరా 3కు దిగింది. సోమవారం ఉదయం గాబరా 7, దిగులు 6. ఆ రోజు కాటా దగ్గర టిక్కీల, అంటే మిర్చి బస్తాల, లెక్క రెండుసార్లు తప్పి, తాను ఈ ఉద్యోగానికే పనికిరానని అనిపించిందని పక్కన రాసుకున్నాడు. మంగళవారం ఉదయం గాబరా 4, దిగులు 5. బుధవారానికి మళ్ళీ 3, 2.

ముందుగా ఆ తెల్లవారుజాము మెలకువ సంగతి చూద్దాం. కాలేయం సాధారణంగా గంటకు ఏడెనిమిది గ్రాముల ఆల్కహాలును విరుస్తుంది. మనిషిని బట్టి ఇది కొంత మారుతుంది. 61 గ్రాములకు సుమారు ఎనిమిది గంటలు పడుతుంది కాబట్టి, ఎనిమిదిన్నరకు మొదలైనది తెల్లవారుజామున నాలుగున్నర ప్రాంతంలో పూర్తవుతుంది. మెదడులో గాబా అనే రసాయనం నాడులను శాంతపరుస్తుంది, గ్లూటమేట్ వాటిని ఉత్తేజపరుస్తుంది. మద్యం మొదటిదాని పనిని పెంచి రెండోదాని పనిని అణచివేస్తుంది. అందుకే తాగిన మొదటి గంటల్లో బెరుకు పోతుంది. మెదడు దీన్ని ఊరికే చూస్తూ ఉండదు. త్రాసులో ఒక సిబ్బె దిగితే రెండో సిబ్బెలో రాళ్ళు వేసినట్టు, శాంతపరిచే వైపును తగ్గించి ఉత్తేజపరిచే వైపును పెంచుకుంటుంది. మద్యం ఖాళీ అయ్యేసరికి ఆ రాళ్ళు ఇంకా అక్కడే ఉంటాయి. నోరాడ్రినలిన్, కార్టిసాల్ వంటి ఒత్తిడి రసాయనాలు కూడా పెరుగుతాయి. అందుకే గుమాస్తాకు ఏ కారణమూ లేకుండా గుండె దడ ముందు వచ్చింది; ఆ దడకు కారణం వెతుక్కునే మనసుకు రాత్రి చేసిన ఫోన్ కాల్స్ దొరికాయి. ఆదివారం వచ్చే ఆలోచనల్లో చాలావాటి పుట్టుక ఈ క్రమంలోనే జరుగుతుందని గుర్తిస్తే, వాటిని ఆ రోజే తీర్పులుగా తీసుకోకుండా ఆగవచ్చు. మొదటి నుంచీ నలుగురిలో బెరుకు ఎక్కువగా ఉన్నవారికి ఈ మరునాటి గాబరా మరింత బలంగా వస్తుంది. ధైర్యం కోసం తాగేవారిలో అలాంటివారే ఎక్కువ కావడం బాధాకరం.

నిద్ర చెడడం వల్ల కలిగే నష్టం వేరే దారిలో వస్తుంది. మద్యం త్వరగా నిద్ర పట్టిస్తుంది గాని, రాత్రి మొదటి సగంలో కలల నిద్రను తగ్గించి, రెండో సగాన్ని ముక్కలు చేస్తుంది. పగటి చేదును కొంత మెత్తబరిచే పని ఆ కలల నిద్రకు ఉంది కాబట్టి, అది కొరవడిన మరునాడు చిన్న మాట కూడా గట్టిగా తగులుతుంది. మజ్జిగ, కొబ్బరినీళ్ళు దాహాన్ని, నీరసాన్ని తగ్గిస్తాయి; ఈ గాబరాను తగ్గించవు.

ఇప్పుడు ఆదివారం సాయంత్రపు నైంటీ దగ్గరకు వద్దాం. పట్టీ అంతటిలో మనిషిని ఎక్కువగా పక్కదారి పట్టించేది ఆ గడి. గాబరా 7 నుంచి 3కు దిగింది కాబట్టి అది మందులాగే పనిచేసినట్టు కనబడుతుంది, ఆ గంట వరకు అది నిజం కూడా. కాని సోమవారం ఉదయం అంకెలు చూడండి. రెండో శనివారం అదే మనిషి అదే క్వార్టరు తాగి, ఆదివారం నైంటీ మానుకున్నాడు. ఆ సాయంత్రం కష్టంగానే గడిచింది, పడుకునేటప్పటికి గాబరా 6. అయితే సోమవారం ఉదయానికి గాబరా 4, దిగులు 4, మంగళవారానికి 3, 2. అంటే ఆదివారం తీసుకున్న ఉపశమనం సోమవారం మీద పడిన అప్పుగా తేలింది. తీరవలసిన ప్రక్రియ మళ్ళీ మొదటి నుంచి మొదలైంది. మీ పట్టీలో తాగిన గంటకు అంకె తగ్గి, మరునాటి ఉదయం పెరిగే జోడీ ఎక్కడెక్కడ ఉందో గీత గీసి చూడండి.

ఇక్కడ న్యాయంగా వేయవలసిన ప్రశ్న ఒకటుంది: ఇదంతా నిద్ర చాలకపోవడం వల్లే కావచ్చు కదా? దానికి మూడో వారం ఉంది. గుమాస్తా ఆ శనివారం తెనాలిలో పెళ్ళికి వెళ్ళి, ఏమీ తాగకుండా రాత్రి ఒంటిగంటకు ఇల్లు చేరాడు, నిద్ర దాదాపు అంతే తగ్గింది. ఆదివారం ఉదయం గాబరా 4, దిగులు 3. సోమవారం 3, 2. నిద్ర లేమి వల్ల పెరిగింది ఒక్కో అంకె. మొదటి వారం ఆదివారం ఉదయం గాబరా మూడు అంకెలు పెరిగింది గనుక, మిగిలిన రెండూ మద్యం వైపు చూపిస్తున్నాయి. ఒక్క వారంతో దీన్ని తేల్చకూడదు. సోమవారం సేటు కోప్పడినా అంకె పెరుగుతుంది. తాగిన శనివారాలు కనీసం రెండు, తాగనివి కనీసం రెండు పక్కపక్కన పెట్టాకే మాట్లాడాలి.

తాగని వారాల్లో కూడా దిగులు అంకె దిగకపోతే ఎలా అర్థం చేసుకోవాలి? చాలాకాలం ఎక్కువగా తాగినవారిలో మద్యం తెచ్చిన కుంగుబాటు రెండు రోజుల్లో పోదు. మానిన రెండు నుంచి నాలుగు వారాల్లో అందులో చాలా భాగం తగ్గుతుంది. సుమారు నెల గడిచినా దిగులు, నిద్రలేమి, దేనిమీదా ఆసక్తి లేకపోవడం అలాగే ఉంటే అది మద్యంతో సంబంధం లేకుండా కూడా ఉన్న కుంగుబాటు అయ్యే అవకాశం ఎక్కువ, దానికి విడిగా చికిత్స కావాలి. ఈ పట్టీని వైద్యుని ముందు పెడితే ఆ తేడా పట్టుకోవడం తేలికవుతుంది. గాబరాకు ఆల్‌ప్రజోలామ్ వంటి బిళ్ళలు వాడేవారు వాటి మీద మద్యం తాగకూడదు. రెండూ కలిస్తే ఊపిరి మందగించి ప్రాణం మీదికి వస్తుంది. కుంగుబాటు మందులు వాడేవారు శనివారం తాగడం కోసం ఆ పూట బిళ్ళ ఆపడం కూడా తప్పే. చచ్చిపోవాలనే ఆలోచన వస్తే, అది తాగిన మరునాటిదే, రేపటికి పోతుందని లెక్కలు వేస్తూ ఒంటరిగా కూర్చోవద్దు. ఆ రోజే ఇంట్లోవారికి చెప్పి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు 14416 టెలిమానస్‌కు ఫోన్ చేయండి.

వచ్చే పాఠంలోగా నాలుగు శనివారాల పట్టీ రాయండి: రెండు మీ మామూలు పద్ధతిలో, రెండు తాగకుండా. ఈ అభ్యాసం కోసం ఎవరూ కొత్తగా తాగనక్కరలేదు. మామూలుగా తాగనివారికి ఆ వరుసలు ఖాళీగా ఉన్నా పరవాలేదు. నాలుగో పాఠంలో మీ ఆదివారం సాయంత్రపు గడులనే తీసుకుని, గాబరా 7 దగ్గర ఉన్న ఆ రెండు మూడు గంటలను గ్లాసు లేకుండా దాటించే పద్ధతులను ఒక్కొక్కటిగా చూద్దాం.