వడ్డీ వేళకు వస్తోందని అసలు అప్పగించకండి

పదవీ విరమణ సొమ్మో, స్థలం అమ్మిన డబ్బో ఒక్కసారిగా చేతికి వచ్చిన రోజుల్లోనే "నెలకు 5 శాతం, గ్యారంటీ" అనే మాట చెవిన పడుతుంది. చెప్పేది చాలాసార్లు బంధువో స్నేహితుడో అయి ఉంటారు. ఆరు నెలలుగా తమకు డబ్బు పడుతోందని బ్యాంకు సందేశాలు చూపిస్తారు. అవి నిజమైనవే. అందుకే జనం నమ్మేస్తారు.

ఒక లెక్క వేద్దాం. మీరు లక్ష ఇచ్చారు, నెలకు 5,000 చొప్పున ఆరు నెలల్లో 30,000 వచ్చింది. నిర్వాహకుడు ఏ వ్యాపారమూ చేయకుండా మీ సొమ్మే మీకు తీసి ఇస్తున్నా అతని దగ్గర ఇంకా 70,000 ఉంటుంది. అలా 20 నెలలు నెట్టుకురావచ్చు. ఈలోగా నమ్మకం కుదిరి మీరు మరో మూడు లక్షలు తెచ్చిస్తారు, ఇద్దరు ముగ్గురిని చేర్పిస్తారు. అతను ఎదురుచూసేది దానికే.

1920లో బోస్టన్‌లో చార్లెస్ పాంజీ 45 రోజుల్లో 50 శాతం లాభం ఇస్తానన్నాడు. విదేశాల్లో చౌకగా దొరికే తపాలా కూపన్లతో సంపాదిస్తున్నానని చెప్పాడు. పత్రికల వాళ్లు లెక్కగడితే అతను సేకరించిన సొమ్ముకు 16 కోట్ల కూపన్లు కావలసి వచ్చింది. చలామణిలో ఉన్నవి సుమారు 27,000 మాత్రమే! మీరూ అదే అడగండి: ఈ లాభం ఏ అమ్మకం నుంచి వస్తోంది, అంత అమ్మకం అసలు సాధ్యమేనా? "అది మా వ్యాపార రహస్యం" అంటే అక్కడితో ఆపేయండి.

కంపెనీ రిజిస్ట్రేషన్ పత్రం చూపిస్తే తృప్తిపడకండి. కంపెనీ పెట్టుకోవడం వేరు, ప్రజల నుంచి డిపాజిట్లు తీసుకునే అనుమతి వేరు. ఆ అనుమతి ఉందో లేదో వాళ్లు పంపిన లింకులో కాకుండా, నియంత్రణ సంస్థ వెబ్‌సైట్‌ను మీరే తెరిచి చూడండి. డబ్బు వ్యక్తిగత ఖాతాకు పంపమన్నా, నగదుగా ఇమ్మన్నా ఇవ్వకండి. ఇంట్లో మరొకరికి చెప్పకుండా, ఒక రాత్రి గడవకుండా పెద్ద మొత్తం కదలకూడదని ముందే నియమం పెట్టుకోండి. ఇల్లో నగలో తాకట్టు పెట్టి మాత్రం ఇలాంటి చోట పెట్టనే వద్దు.

ఇప్పటికే చేరి ఉంటే వడ్డీ సంగతి వదిలి, అసలు మొత్తం వెనక్కి ఇమ్మని రాతపూర్వకంగా అడగండి. "ఇంకో మూడు నెలలు ఉంచితే బోనస్" అన్నా, "ముందు పన్ను కట్టండి, తర్వాత విడుదల చేస్తాం" అన్నా మరో పైసా పంపకండి. రసీదులు, సందేశాలు భద్రపరచి వెంటనే బ్యాంకుకు, పోలీసులకు తెలియజేయండి. ఆ తర్వాత కొన్నాళ్లకు, పోయిన డబ్బు రాబడతామంటూ ఫీజు అడిగే ఫోన్లు వస్తాయి. మోసపోయిన వారి పేర్ల జాబితాలు చేతులు మారుతుంటాయి కాబట్టి, మీ నష్టం అంకెతో సహా సరిగ్గా చెప్పినా ఆ ఫీజు కట్టకండి.