పర్మింగ్ అయ్యాక జుట్టుకి రంగు ఎప్పుడు వేయాలి: కొత్తగా యూకే వెళ్లిన మన జిల్లా అమ్మాయిలకు

విజయనగరంలో నా పార్లర్‌కి వచ్చిన అమ్మాయిలే ఇప్పుడు చదువులకని యూకే వెళ్లి, అక్కడినుంచి వాట్సాప్‌లో జుట్టు ఫొటోలు పంపుతున్నారు. వెళ్లిన కొత్తలో సెలూన్‌కి వెళ్లి పర్మింగ్, అంటే రసాయనాలతో చాలాకాలం నిలిచే కర్ల్స్, చేయించుకుంటారు. నెల తిరక్కుండానే ఇంటికి రావాలి, ఏ పెళ్లో, పైడితల్లమ్మ సిరిమానోత్సవమో ఉంటుంది. "ఏటక్కా, ఇప్పుడు కలర్ వేసేసుకోవచ్చా?" అని అడుగుతారు. దానికి నేను చెప్పే జవాబు ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

మామూలు జుట్టుకి, పర్మనెంట్ కలర్‌కి పర్మింగ్ అయ్యాక కనీసం రెండు వారాలు ఆగాలి. అమోనియా లేని సెమీ పర్మనెంట్ రంగైతే వారం, పది రోజులు ఆగినా సరిపోతుంది. బ్లీచ్ మాత్రం నెలల తరబడి వద్దు. హైలైట్స్ కావాలంటే కొత్త జుట్టు పెరిగాక దాని మీదే చేయించుకోవడం మేలు. ఈ రెండు వారాలు కూడా అందరికీ ఒకేలా కుదరవు. రోజులు లెక్కపెట్టుకోండి, కానీ చివరిమాట మీ జుట్టుదే.

ఎందుకంటే పర్మింగ్‌లో జరిగేది పైపూత కాదు. వెంట్రుక లోపల కెరాటిన్ అనే ప్రోటీన్ పోగుల్ని కలిపి ఉంచే గంధకపు బంధాలు ఉంటాయి. అమోనియం థయోగ్లైకోలేట్ ఉన్న మొదటి లోషన్ వాటిలో చాలావాటిని తెంచుతుంది. జుట్టు తనని చుట్టిన రాడ్ ఆకారానికి వంగాక, హైడ్రోజన్ పెరాక్సైడ్ ఉన్న న్యూట్రలైజర్ ఆ బంధాల్ని కొత్త చోట మళ్లీ కలుపుతుంది. అయితే తెగినవన్నీ తిరిగి అతుక్కోవు. పైన పెంకుల్లా ఉండే పొర కూడా ఉబ్బి కొంత తెరుచుకుంటుంది. పర్మనెంట్ రంగులోనూ అమోనియా లాంటి క్షారమూ, పెరాక్సైడూ ఉంటాయి. అంటే అదే పొరని మళ్లీ తెరిచి, అదే ప్రోటీన్ మీద మళ్లీ పని చేస్తుంది. మొదటి దెబ్బ నుంచి తేరుకోకముందే రెండోది పడితే జుట్టు తెగుతుంది, కర్ల్ వదులవుతుంది. పొర తెరుచుకున్న జుట్టు రంగుని గబగబా పీల్చుకుంటుంది కాబట్టి చివర్లు మిగతా జుట్టుకన్నా నల్లగా తేలతాయి. వేగంగా వెలిసిపోయేది కూడా ఆ చివర్లే.

ముందు రంగు వేసుకుని తర్వాత పర్మింగ్ చేయించుకుందామని కొందరు అంటారు. అది మరీ నష్టం, పర్మ్ లోషన్ ఆ రంగుని వెలిసిపోయేలా చేస్తుంది. పర్మే ముందు.

జుట్టు సిద్ధంగా ఉందో లేదో మీ గదిలోనే చూసుకోవచ్చు. తలస్నానం చేశాక తడిగా ఉన్న ఒక వెంట్రుకని తెంపి, రెండు చేతుల వేళ్ల మధ్య పది సెంటీమీటర్ల పొడవు వచ్చేలా పట్టుకుని మెల్లగా లాగండి. బాగున్న వెంట్రుక పదమూడు సెంటీమీటర్ల దాకా సాగి, వదిలితే మళ్లీ తన పొడవుకి వచ్చేస్తుంది. సాగి, బంక పట్టినట్టు మెత్తగా అలాగే ఉండిపోతే లోపల బంధాలు సరిగా అతుక్కోలేదని అర్థం. అసలు సాగకుండా పుటుక్కున తెగినా ప్రమాదమే. ఈ పరీక్ష కుదుళ్ల దగ్గరిది ఒకసారి, చివర్లది ఒకసారి చేయాలి, ఎందుకంటే అవి రెండూ వేరువేరు వయసుల జుట్టు. చివర్లు ఏళ్ల తరబడి ఎండా, నీళ్లూ, హీటూ చూసినవి.

మన వాళ్లకి ఇంకో చిక్కు ఉంది. సూట్‌కేసులో అమ్మ పెట్టిన నల్ల హెన్నా పొడి ప్యాకెట్లు. పేరుకి గోరింటాకైనా, చాలావాటిలో పీపీడీ అనే రంగు రసాయనం ఉంటుంది. కొన్నిట్లో లోహ లవణాలూ ఉంటాయి. ఆ లవణాలు ఉన్న జుట్టుకి పెరాక్సైడ్ తగిలితే జుట్టు వేడెక్కి, పొంగి, కరిగిపోయినట్టు అవుతుంది. సెలూన్ వాళ్లు పీపీడీ గురించి అడుగుతారు గానీ, మన ప్యాకెట్ల సంగతి వాళ్లకి తట్టదు. మీరే చెప్పండి. కత్తిరించిన నాలుగు వెంట్రుకలు పెరాక్సైడ్, అమోనియా కలిపిన గిన్నెలో వేసి అరగంట చూడమని అడగండి. వేడెక్కినా, బుడగలొచ్చినా రంగు వద్దు.

ఇలాగే ఒక రాజాం అమ్మాయి సంగతి చూడండి. బర్మింగ్‌హామ్‌లో చదువు, నాలుగు వారాల్లో అక్క పెళ్లికి ప్రయాణం. పర్మింగ్ అప్పుడే అయింది, బర్గండీ కావాలంది. మొదటి మూడు రోజులూ తల తడపొద్దన్నాను, తర్వాత సల్ఫేట్ లేని షాంపూ. స్ట్రెయిటెనర్, హీట్ డ్రయర్ పక్కన పెట్టించాను. రెండు వారాలయ్యాక వెంట్రుక లాగి చూస్తే కుదుళ్ల దగ్గర బానే ఉంది, చివర్లు మాత్రం బంకలా సాగి వెనక్కి రాలేదు. ఆ చివర్లలోనే ఇండియాలో వేసుకున్న ప్యాకెట్ రంగు మిగిలి ఉంది. పెళ్లి టెన్షన్‌లో అమ్మాయి ఒకటే గోల, "ఆ మాత్రానికి ఏమైపోద్ది అక్కా" అని. రెండంగుళాలు కత్తిరించి ఇంకో వారం ఆగమన్నాను.

మూడో వారం సెలూన్‌లో రంగుకి రెండు రోజుల ముందే, అంటే 48 గంటల ముందు, చెవి వెనక కొద్దిగా రాసి అలర్జీ పరీక్ష చేశారు. అక్కడ చాలా సెలూన్లు ఇది లేకుండా రంగు వేయవు. అప్పటికప్పుడు వెళ్లి కూర్చుంటే పని అవదు. ఆ తర్వాత మెడ వెనక ఒక చిన్న పాయకి రంగు వేసి చూసి, పర్మనెంట్ కన్నా తేలికైన డెమీ పర్మనెంట్ రంగుని, 10 వాల్యూమ్ డెవలపర్‌తో, అంటే 3 శాతం పెరాక్సైడ్‌తో మిగతాది వేశారు. కుదుళ్లూ మధ్య భాగమూ ముందు, చివర్లకి ఆఖరి ఐదు నిమిషాలే. ఇలా వేస్తే నల్ల జుట్టు లేత రంగుకి మారదు. ఆ బర్గండీ ఎండలో మాత్రమే ఎర్రగా మెరిసింది. ఫొటోల్లో కనబడేంత ఎరుపు కావాలంటే జుట్టు రంగుని ముందు బ్లీచ్‌తో లేత చేయాలి. అది పర్మ్ అయిన జుట్టు మీద చేయనివ్వకండి, ఎంత బతిమాలినా.

షాపుల్లో దొరికే డబ్బా రంగులు కొనకండి. చాలావాటిలో డెవలపర్ 6 శాతం లేదా అంతకన్నా ఎక్కువ ఉంటుంది, మార్చుకునే వీలుండదు.

రంగు వేశాక దువ్వెనకి పొట్టి పొట్టి ముక్కలు వస్తుంటే అది రాలడం కాదు, తెగడం. రాలే వెంట్రుకకి కుదురు వైపు కొసలో చిన్న తెల్లటి గడ్డ ఉంటుంది, తెగిన దానికి ఉండదు. అలా కనిపిస్తే ఏ రసాయనమూ ముట్టించకుండా ఆ భాగం కత్తిరించేయండి. ప్రోటీన్ మాస్కులు జుట్టు గట్టిపడినట్టు అనిపించేలా చేస్తాయి తప్ప తెగినదాన్ని అతికించవు. జుట్టు నెలకి సుమారు సెంటీమీటరున్నర లోపే పెరుగుతుంది, ఆ లెక్కనే తర్వాతి రంగు ఎప్పుడో చూసుకోండి. ఇక తల మండినా, కనురెప్పలూ ముఖమూ వాచినా రంగు వెంటనే కడిగేసి డాక్టర్‌కి చూపించుకోండి. ఊపిరి ఆడనట్టుంటే 999కి ఫోన్ చేయండి, నాకు కాదు.